బామ్మర్ది పేరు ఏ ఫారంలో రాయాలి? కంపెనీల్లో బంధుత్వ నియమం వెనుక కథ

వానాకాలం కోతలు మొదలైతే మిర్యాలగూడ చుట్టూ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి. అక్కడ రేటు చెప్పేది ఓనరే అయినా ఆ రేటు ఎవరికి ఎంత పడుతుందో తేల్చేది మాత్రం తేమ మిషన్ పట్టుకున్న మనిషి. ట్రాలీలో నాలుగు చోట్ల నుంచి గింజలు తీసి మిషన్‌లో పోసి, వచ్చిన అంకెను చిట్టీ మీద రాస్తాడు. ఆ అంకె మీదే తరుగు, దాని మీదే రైతుకో బ్రోకర్‌కో వెళ్లే డబ్బు. ఇప్పుడు ఆ బ్రోకర్ ఈ మనిషికి బామ్మర్ది అనుకోండి.

60 క్వింటాళ్ల లోడు, అసలు తేమ 26 శాతం, చిట్టీ మీద 24 అని రాశారు. చూడటానికి రెండు పాయింట్లే. కానీ 14 శాతానికి ఎండబెట్టాక 26 తేమ ధాన్యం సుమారు 51.6 క్వింటాళ్లు తేలుతుంది, నిజంగా 24 ఉన్న ధాన్యమైతే 53 తేలేది. అంటే ఒక్క లోడుకు దాదాపు 1.4 క్వింటాళ్లు కంపెనీ డబ్బు కట్టి, చేతికి రాని ధాన్యం. సీజన్‌లో అలాంటి లోడ్లు రోజూ వస్తాయి. పైగా లెక్కల్లో అది దొంగతనంలా కనపడదు, డ్రయ్యర్‌లో ఎక్కువ పోయింది అనే కనపడుతుంది. రెండో నష్టం నాకు ఇంకా బాధగా అనిపిస్తుంది: ఏ బంధుత్వమూ లేని రైతు తెచ్చిన 24ను 24గానే రాస్తారు, పక్క ట్రాక్టర్‌కు దొరికిన ఆ రెండు పాయింట్లు అతనికి ఎప్పటికీ దొరకవు.

దీన్ని ఆపే నియమం మన చట్టాల్లో లేదా అంటే ఉంది, కానీ అది ఈ మనిషి దాకా రాదు. ఎందుకు రాదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1956 కంపెనీల చట్టం రాసినప్పుడు అందరి కళ్లూ డైరెక్టర్ల మీదే ఉన్నాయి. కంపెనీ చేసుకునే ఒప్పందంలో డైరెక్టర్‌కు స్వార్థం ఉంటే బోర్డుకు చెప్పాలని 299వ సెక్షన్, ఆ విషయం మీద చర్చలోనూ ఓటింగ్‌లోనూ పాల్గొనకూడదని 300వ సెక్షన్ పెట్టారు. డైరెక్టర్ బంధువును జీతం మీద పెట్టుకోవాలంటే ఏం చేయాలో 314వ సెక్షన్ చెప్పింది, జీతం ఒక హద్దు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి దాకా వెళ్లాలి. మరి బంధువు అంటే ఎవరు? దానికి షెడ్యూల్‌లో జాబితా ఉండేది, 22 వరసలు. తాతలు, నానమ్మ, అమ్మమ్మ, మనవళ్లు, మనవరాళ్లు, వాళ్ల భార్యలు, భర్తలు, అన్న భార్య, అక్క భర్త వరకూ ఉన్నారు. భార్య తమ్ముడు లేడు. మేనమామ లేడు, మేనల్లుడు లేడు.

2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 నాటి రూల్స్‌తో ఆ జాబితా ఇంకా చిన్నదైంది. భార్యాభర్తలు, ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యులు కాకుండా తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అంతే. పాత జాబితాలో ఉన్న అక్క భర్త, వదిన కూడా బయటికి పోయారు. కంపెనీలకు కాగితాల పని తగ్గించడానికి అది సరైందే కావచ్చు, కానీ మన దిక్కు వ్యాపారం నడిచేదే బావ, బామ్మర్ది, సడ్డకుడు, మేనమామ, వియ్యంకుడి మీద. పెట్టుబడి ఒకరు, లారీలు ఒకరు, హమాలీ కాంట్రాక్టు ఒకరు. చట్టం జాబితాను అట్లనే దింపుకుని పాలసీ రాసుకున్న కంపెనీ మన జిల్లాలో దాదాపు ఎవరినీ పట్టుకోలేదు.

కొత్త చట్టంలో మంచి పద్ధతి ఒకటుంది, దాన్ని మాత్రం తీసుకోవాలి. 184వ సెక్షన్ ప్రకారం ప్రతి డైరెక్టరూ ఆర్థిక సంవత్సరంలో జరిగే మొదటి బోర్డు మీటింగ్‌లో తనకు ఏయే సంస్థల్లో వాటా ఉందో MBP-1 అనే ఫారంలో రాసిస్తాడు. తప్పు చేశాడన్న అనుమానంతో అడిగేది కాదు, ఏటా అందరూ ఇచ్చేది. 188వ సెక్షన్ బంధువులతో లావాదేవీలకు, బంధువులకిచ్చే ఉద్యోగాలకు బోర్డు అనుమతి అడుగుతుంది, నెల జీతం 2.5 లక్షలు దాటితే వాటాదారుల తీర్మానం కావాలి. ఇదంతా డైరెక్టర్లు, పెద్ద అధికారుల వరకే. తేమ మిషన్ మనిషి, కాంటా గుమాస్తా, స్టోర్స్ ఇన్‌ఛార్జి దీంట్లోకి రారు. పార్ట్‌నర్‌షిప్ మీద నడిచే మిల్లుకైతే ఈ చట్టమే వర్తించదు.

చెప్పినంత మాత్రాన సరిపోదని మన రాష్ట్రానికి నేర్పింది సత్యం కంప్యూటర్స్ వ్యవహారం. 2008 డిసెంబర్ 16న మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, మొత్తం దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి సత్యం బోర్డు సరే అంది. ఆ రెండూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందినవని దాచిపెట్టిందేమీ లేదు, అందరికీ తెలుసు. ఇన్వెస్టర్లు తిరగబడేసరికి వెంటనే వెనక్కి తీసుకున్నారు. లెక్కలు తప్పుడువని ఆయన ఒప్పుకున్న ఉత్తరం 2009 జనవరి 7న బయటికొచ్చింది. ఉద్యోగుల పాలసీ రాసేవాళ్లు పట్టుకోవాల్సింది డిసెంబర్ ముక్కనే. బంధుత్వం బోర్డు బల్ల మీదే ఉంది, అయినా ఆ బోర్డులో ఎవరూ ఆపలేదు. కాబట్టి ఫారంలో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, అది చదివి ఎవరు నిర్ణయిస్తారన్నదీ అంతే ముఖ్యం.

ఇప్పుడు రెండు మూడు వందల మంది పనిచేసే మన కంపెనీకి వద్దాం. బంధువులను అసలు తీసుకోవద్దు అని ఒక్క లైన్ రాయడం సులువు, కానీ ఆ లైను నిలవదు. నైట్ షిఫ్ట్ బాయిలర్‌కు మనిషి దొరకనప్పుడు ఆపరేటర్ తన తమ్ముణ్నే తీసుకొస్తాడు, మేనేజర్‌కూ అదే కావాలి. నిషేధం ఉంటే ఆ తమ్ముడు వేరే ఊరి అడ్రస్‌తో చేరతాడు, బంధుత్వం అట్లనే ఉంటుంది, కంపెనీకి తెలియకుండా ఉంటుంది. అందుకని నా మాట: తీసుకోండి, కాకపోతే రాయించుకోండి, ఒకరి పని మీద ఇంకొకరి చెయ్యి లేకుండా చూడండి.

జాబితా మన వరసల్లోనే రాయాలి. చట్టంలో ఉన్నవాళ్లతో పాటు బావ, బామ్మర్ది, వదిన, మరదలు, సడ్డకుడు, మేనమామ, మేనత్త, చిన్నాయన, పెద్దనాయన, వాళ్ల పిల్లలు, మేనల్లుడు, మేనకోడలు, వియ్యంకులు, పెళ్లి కుదిరినవాళ్లు. వీటికి బయట ఇంకో లైను ఉండాలి: ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, వ్యాపారంలో వాటాదారు, పెద్ద మొత్తం అప్పు ఇచ్చినవాళ్లు లేదా తీసుకున్నవాళ్లు. ఊరోళ్లను, కులపోళ్లను జాబితాలో పెట్టొద్దు, అట్ల పెడితే సగం ఊరు రాయాలి, అసలైనది అందులో కలిసిపోతుంది.

ఫారం ఒక్క పేజీ చాలు. ఎవరు, ఏం వరస, ఈ కంపెనీలో ఏం పని లేదా ఈ కంపెనీతో ఏం వ్యాపారం, ఆ పనిలో నా సంతకం ఎక్కడ పడుతుంది. ఈ ఆఖరి ప్రశ్నే ఫారానికి ప్రాణం. చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏటా ఏప్రిల్‌లో ఒకసారి నింపాలి. మధ్యలో కొత్త సంబంధం కలిసినా, బంధువు సప్లయర్‌గా వచ్చినా ఏడు రోజుల్లో చెప్పాలి. ఫారం తన పైఅధికారికి కాదు, హెచ్‌ఆర్‌కు ఇవ్వాలి, ఎందుకంటే చాలాసార్లు ఆ బంధువు పైఅధికారే. హెచ్‌ఆర్ మేనేజర్ సొంత విషయమైతే ఎండీకి, ఎండీ విషయమైతే బోర్డుకు.

మొదట చెప్పిన మనిషినే తీసుకుందాం. అక్టోబర్‌లో అతని బామ్మర్ది బ్రోకర్‌గా మిల్లుకు ధాన్యం తోలడం మొదలుపెట్టాడు, ఇతను నాలుగో రోజున ఫారం ఇచ్చాడు. హెచ్‌ఆర్, అకౌంట్స్ హెడ్ కూర్చుని పది రోజుల్లోపు రాతపూర్వకంగా నిర్ణయం చెప్పాలి, ఆ రాసేలోగా కూడా అతను ఆ లోడ్లు ముట్టుకోకూడదు. నిర్ణయం ఇట్లా ఉండొచ్చు: ఆ బ్రోకర్ పేరు మీద వచ్చే ప్రతి లోడుకూ తేమ ఇంకో షిఫ్ట్ మనిషి చూస్తాడు, ఇద్దరి సంతకాలు చిట్టీ మీద పడతాయి, వారానికోసారి ల్యాబ్‌లో మళ్లీ తీసిన శాంపిల్‌తో పోలుస్తారు. ఉద్యోగం పోదు, జీతం తగ్గదు. బంధుత్వం చెప్పినందుకు మనిషిని గేటు దగ్గర నిలబెడితే మరుసటి ఏప్రిల్‌లో అన్ని ఫారాల్లోనూ ఎవరూ లేరు అనే వస్తుంది.

అట్లా వచ్చినప్పుడు అనుమానించాలి. అందరి ఫారాలూ ఒకే రోజున, ఒకే చేతిరాతతో, అన్నిట్లో లేరు అని ఉంటే గుమాస్తా కూర్చుని నింపాడని అర్థం. అప్పుడు చేయాల్సిన పని ఇల్లిల్లూ తిరిగి ఆరా తీయడం కాదు. జీతాల లిస్టునూ సప్లయర్ల లిస్టునూ పక్కపక్కన పెట్టి ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, అడ్రస్‌లు, పాన్ నంబర్లు కలుస్తున్నాయేమో చూడాలి. ఎక్సెల్‌లో ఒక మధ్యాహ్నం పని. నంబర్ కలిసినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు, పిలిచి అడగడానికి కారణం దొరికినట్టు. బంధువు వేరే నంబర్, వేరే ఖాతా వాడితే ఈ పద్ధతికి దొరకడు, అక్కడ రెండో శాంపిలే దిక్కు.

భార్యాభర్తల సంగతి విడిగా రాయాలి. 1965లో సుప్రీంకోర్టు ముందుకు ఒక మందుల కంపెనీ నియమం వచ్చింది, ప్యాకింగ్ విభాగంలో పెళ్లికాని ఆడవాళ్లను తీసుకుని పెళ్లి కాగానే ఉద్యోగం తీసేసేవాళ్లు, కోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు అట్లా ఎవరూ రాయరు గానీ, ఒకే సెక్షన్‌లో పనిచేసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే ఆమెనే మానేయమనడం ఇంకా నడుస్తూనే ఉంది. పాలసీలో సాఫ్ సీదాగా ఉండాలి: ఒకరు ఇంకొకరికి సూపర్‌వైజర్ అయితేనే మార్పు, మార్చేది సెక్షన్‌ను, ఎవరు మారాలో ముందు వాళ్లిద్దరినే అడగాలి, జీతంలో తేడా రాకూడదు.

చెప్పనివాళ్లకు ఏం చేయాలి? గడువు దాటాక తనంతట తాను వచ్చి చెప్తే హెచ్చరిక చాలు. అడిగినా దాచి, ఆ బంధువు బిల్లు మీదో జీతం మీదో సంతకం పెట్టి ఉంటే అది క్రమశిక్షణ విచారణకు పోవాలి, అతని వివరణ విన్నాకే శిక్ష. ఓనర్ కొడుకు చదువు అయిపోయి మిల్లుకు వచ్చిన రోజు అతని ఫారం కూడా అదే ఫైల్‌లో, అదే వరుస నంబర్‌తో పెట్టాలి. కింది మనుషులు ఈ పాలసీని నమ్మాలో వద్దో తేల్చుకునేది ఆ ఫైల్ చూసే. అది లేకుండా తేమ మిషన్ మనిషి దగ్గర ఫారం అడిగితే అతను నింపి ఇస్తాడు గానీ, నిజం రాయడు.