గృహరుణం ముందస్తు చెల్లింపు: గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా? (అపోహలు - వాస్తవాలు)

గృహరుణాల విషయంలో సలహా ఇవ్వడం నా వృత్తి. బోనస్ అందినప్పుడో, ఊళ్లో స్థలం అమ్మినప్పుడో, చిట్టీ డబ్బు చేతికొచ్చినప్పుడో ఆ మొత్తాన్ని ఇంటి అప్పుకు కట్టేద్దామని చాలామంది వస్తారు. కట్టడం వరకూ ఎవరికీ సందేహం ఉండదు. కట్టిన తర్వాత నెలవారీ ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గించుకోవాలా, గడువును అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించుకోవాలా అన్న దగ్గరే ఆగిపోతారు. ఈ విషయంలో నేను తరచూ వినే అపోహలను ఒక కుటుంబం లెక్కతో వివరిస్తాను.

కూకట్‌పల్లిలో ఫ్లాట్ కొనుక్కున్న దంపతులు వారు. భర్తకు 44 ఏళ్లు, ఒక ఔషధ కంపెనీలో ఉద్యోగం, 58వ ఏట పదవీ విరమణ. భార్య ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 40 లక్షల రూపాయల రుణం తీసుకున్నారు. నెలకు ఈఎంఐ 34,713 రూపాయలు. 36 వాయిదాలు కట్టేసరికి అసలు బాకీ సుమారు 37.39 లక్షల దగ్గర ఉంది, ఇంకా 204 వాయిదాలు మిగిలాయి. అప్పుడు వారి చేతికి 5 లక్షలు వచ్చాయి. "అందరూ గడువే తగ్గించుకోమంటున్నారండీ, కానీ నేను రెండేళ్లు ఉద్యోగం మానేసి మా అమ్మను చూసుకోవాల్సి రావచ్చు" అన్నారావిడ. ఆ ఒక్క మాటలోనే అసలు సమస్య ఉంది.

అపోహ: గడువు తగ్గించుకుంటేనే వడ్డీ మిగులుతుంది, ఈఎంఐ తగ్గించుకుంటే నష్టం.

ఈ మాటకు ఆధారంగా చూపించే అంకెలు నిజమైనవే. 5 లక్షలు కట్టాక బాకీ 32.39 లక్షలకు దిగుతుంది. ఈఎంఐని మార్చకపోతే అప్పు 204 నెలల్లో కాక 154 నెలల్లోనే తీరిపోయి, మొత్తం వడ్డీలో సుమారు 12.6 లక్షలు మిగులుతాయి. గడువును మార్చకపోతే ఈఎంఐ 30,072కు తగ్గుతుంది కానీ, మిగిలే వడ్డీ సుమారు 4.5 లక్షలే. రెండింటికీ మధ్య తేడా 8 లక్షల పైచిలుకు. ఈ తేడాను చూసిన ఎవరైనా వెంటనే గడువు వైపే మొగ్గుతారు.

అయితే ఆ 8 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. చెల్లింపు జరిగిన మరుసటి నెల వాయిదాను విడదీసి చూస్తే విషయం తేటగా కనిపిస్తుంది. చెల్లింపుకు ముందు నెలకు 26,488 రూపాయలున్న వడ్డీ, చెల్లింపు తర్వాత 22,946 అవుతుంది. గడువు తగ్గించుకున్నా, ఈఎంఐ తగ్గించుకున్నా ఆ 22,946లో ఒక్క రూపాయి కూడా మారదు, ఎందుకంటే వడ్డీ లెక్కగట్టేది మిగిలిన అసలు మీదే తప్ప మిగిలిన నెలల మీద కాదు. మారేదల్లా అసలుకు జమయ్యే భాగం. గడువు తగ్గించుకుంటే 11,767 రూపాయలు, ఈఎంఐ తగ్గించుకుంటే 7,126 రూపాయలు అసలుకు పోతాయి. ఈ రెండింటి మధ్య తేడా 4,641 రూపాయలు. ఈఎంఐలో తగ్గిన మొత్తం కూడా సరిగ్గా అంతే.

అంటే గడువు తగ్గించుకున్నవారు ఆ 5 లక్షలతో ఆగడం లేదు. ప్రతి నెలా మరో 4,641 రూపాయలను అదనంగా కడుతూ, 153 నెలల్లో 7 లక్షలకు పైగా ముందుగానే చెల్లిస్తున్నారు. అదనంగా మిగిలే వడ్డీ ఆ సొమ్ముకు దక్కిన ఫలితమే తప్ప, దరఖాస్తులో గడువు అన్న గడిలో టిక్కు పెట్టినందుకు దక్కింది కాదు. ఈఎంఐ తగ్గించుకుని, ఆ 4,641 రూపాయలను ప్రతి నెలా తమంతట తామే అసలుకు కట్టేవారి అప్పు కూడా అదే 154వ నెలలో తీరిపోతుంది.

కాబట్టి "ఏ పద్ధతిలో వడ్డీ ఎక్కువ మిగులుతుంది?" అన్న ప్రశ్నకు బదులు "ఈ 4,641 రూపాయలను నెలనెలా కట్టితీరాలన్న షరతుకు లోబడి కట్టాలా, వీలును బట్టి కట్టాలా?" అని అడగాలి.

అపోహ: అయితే ఈఎంఐ తగ్గించుకున్నా ఒకటే.

లెక్క ప్రకారం ఒకటే, ఆచరణలో కాదు. ఖాతాలో మిగిలిన నాలుగైదు వేలు రెండో నెలకే ఇంటి ఖర్చుల్లో కలిసిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. అదనపు చెల్లింపు మనిషి గుర్తుంచుకుని చేసే పనిగా ఉంటే సాగదు. జీతం పడిన మరుసటి రోజే రుణఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకోవాలి. అంత క్రమశిక్షణ తమకు లేదని తెలిసినవారు గడువు తగ్గించుకోవడమే మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక్కడే మరో చిక్కు ఉంది. అదనంగా పంపిన సొమ్మును కొన్ని రుణసంస్థలు అసలులో తగ్గించకుండా, రాబోయే ఈఎంఐ కోసం ముందుగా వచ్చిన మొత్తంగా పక్కన ఉంచుతాయి. అలా ఉన్న సొమ్ము వడ్డీని ఒక్క పైసా కూడా తగ్గించదు. నా దగ్గరకు వచ్చిన ఒకాయన ఏడాదిపాటు నెలకు 5,000 చొప్పున పంపించారు, కానీ స్టేట్‌మెంట్‌లో అసలు బాకీ మామూలు షెడ్యూలు ప్రకారమే తగ్గుతూ వచ్చింది. ఆయన పంపిన 60,000 రూపాయలు అడ్వాన్స్ కింద అలాగే పడి ఉన్నాయి. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. అదనపు మొత్తం జమైన రోజు తర్వాత స్టేట్‌మెంట్ తీసి, అసలు బాకీ ఆ మేరకు పూర్తిగా తగ్గిందో లేదో చూడాలి. తగ్గకపోతే "అసలులో జమ చేయండి" అని రాతపూర్వకంగా కోరాలి. కొన్ని సంస్థలు పాక్షిక చెల్లింపుకు కనీస మొత్తం నిర్ణయిస్తాయి కనుక ఆ నిబంధనను ముందే కనుక్కోవాలి. కనీస మొత్తం ఎక్కువగా ఉంటే నెలనెలా దాచి, మూడు నాలుగు నెలలకు ఒకసారి కట్టవచ్చు.

అపోహ: ఇప్పుడు గడువు తగ్గించుకుందాం, ఇబ్బంది వస్తే తర్వాత మార్చుకోవచ్చు.

ఈ రెండు దారుల మధ్య రాకపోకలు సమానంగా ఉండవు. ఈఎంఐ తగ్గించుకున్నవారు ఎప్పుడు కావాలన్నా ఎక్కువ కట్టి గడువును తామే కుదించుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వ్యక్తులు ఫ్లోటింగ్ రేటుపై తీసుకున్న గృహరుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి అదనపు ఖర్చు కూడా ఉండదు. గడువు తగ్గించుకున్నవారు మళ్లీ ఈఎంఐ తగ్గించమని అడిగితే మాత్రం అది బ్యాంకు అంగీకరించాల్సిన విషయం అవుతుంది. పైగా అలా అడిగేది సాధారణంగా ఉద్యోగం పోయినప్పుడో, ఆదాయం పడిపోయినప్పుడో. ఆ స్థితిలో ఇచ్చే వెసులుబాటును రుణ పునర్వ్యవస్థీకరణగా పరిగణించే అవకాశం ఉంది, దాని ప్రభావం క్రెడిట్ చరిత్రపై పడుతుంది.

ఆ దంపతులకు నేను ఈఎంఐ తగ్గించుకోమనే చెప్పాను. భార్య జీతం ఆగిపోయే రెండేళ్లూ 30,072 మాత్రమే కట్టి, ఆమె తిరిగి ఉద్యోగంలో చేరాక మునుపటిలా 34,713 కట్టడం మొదలుపెడితే ఏమవుతుందో కూర్చుని లెక్కవేశాం. అప్పు 154 నెలలకు బదులు 163 నెలలకు తీరుతుంది. భర్త పదవీ విరమణకు 168 నెలలుంది. రెండేళ్ల ఊరటకు బదులు తొమ్మిది నెలలు ఆలస్యమవుతుంది కానీ, పింఛను రోజుల్లోకి అప్పు వెళ్లదు. ఆవిడకు ఉద్యోగం మానే అవసరమే రాకపోతే మొదటి నెల నుంచే అదనపు మొత్తం కడుతూ 154 దగ్గరే ముగించవచ్చు.

ఇదే ఇంట్లో ఇద్దరి ఉద్యోగాలూ స్థిరంగా ఉండి, ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్ము విడిగా ఉండి ఉంటే నేను మరో ఆలోచన లేకుండా గడువు తగ్గించుకోమనేవాణ్ణి. ఎందుకంటే పాత గడువు ప్రకారం 204 నెలలంటే ఆయనకు 61 ఏళ్లు, చివరి మూడేళ్ల వాయిదాలు జీతం లేని రోజుల్లో కట్టాల్సినవి.

అపోహ: గడువు తగ్గించుకుంటే ఆ తేదీకి అప్పు తీరినట్టే.

రేటు మారనంత వరకే ఇది నిజం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు చాలామంది ఈఎంఐ మారకపోవడంతో ఏమీ జరగలేదనుకున్నారు. లోపల గడువు ఏళ్ల తరబడి సాగిపోయింది. మన ఉదాహరణలో రేటు 9.5 శాతమై ఈఎంఐని పెంచకపోతే, గడువు తగ్గించుకున్నవారి 154 నెలలు 171 అవుతాయి, అంటే పదవీ విరమణను దాటిపోతాయి.

ఈఎంఐ తగ్గించుకుని అదనంగా ఏమీ కట్టనివారి పరిస్థితి ఇంకా క్లిష్టం. వారి 204 నెలలు 243 అవుతాయి. వాయిదాలో అసలుకు పోయే భాగం ఎంత సన్నగా ఉంటే, వడ్డీ పెరిగినప్పుడు గడువు అంతగా సాగుతుంది. ఈఎంఐ తగ్గించుకోమని సలహా ఇచ్చేటప్పుడు ఈ మాట దాచడం తప్పని నా అభిప్రాయం. రేటు పెరిగిందని సందేశం వచ్చిన రోజే అదనపు చెల్లింపును పెంచుకోగలిగినవారికే ఆ దారి సరిపోతుంది.

2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా, రెండూ కొంతకొంతగానా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలి. ఇప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ, ప్రస్తుత ఈఎంఐ, మిగిలిన వాయిదాల సంఖ్య, వార్షిక వడ్డీ రేటు చూపే స్టేట్‌మెంట్‌ను ప్రతి త్రైమాసికానికీ అందుబాటులో ఉంచాలి. మిగిలిన వాయిదాల సంఖ్య కిందటిసారి కంటే సరిగ్గా మూడు కాకుండా, అంతకంటే ఎక్కువో తక్కువో తగ్గితే కారణం అడగండి.

అపోహ: డబ్బు కడితే చాలు, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది.

రుణగ్రహీత ఏమీ చెప్పకపోతే సంస్థ తన వ్యవస్థలో ముందే ఉన్న పద్ధతిని అమలు చేస్తుంది, చాలాచోట్ల అది గడువు తగ్గించడమే. ఈఎంఐ తగ్గాలంటే చెల్లింపుతో పాటే రాతపూర్వక అభ్యర్థన ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత కొత్త చెల్లింపుల షెడ్యూలు అడగాలి. దాని మొదటి వరుసలో వడ్డీ సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు: మిగిలిన అసలును వార్షిక రేటుతో గుణించి 12తో భాగిస్తే చాలు. 32.39 లక్షలకు 8.5 శాతం చొప్పున అది 23 వేలకు కాస్త తక్కువగా రావాలి. చెల్లింపు నెల మధ్యలో జరిగితే ఆ ఒక్క నెల వడ్డీ రోజుల లెక్కన కొంత అటూఇటూగా ఉంటుంది కనుక, దాని తర్వాతి నెల వరుసతో పోల్చుకోవాలి. అప్పటికీ 26 వేల పైనే కనిపిస్తే ఆ 5 లక్షలు ఇంకా అసలులో జమ కాలేదన్నమాట, ఆ స్టేట్‌మెంట్ పట్టుకుని అదే వారం శాఖకు వెళ్లాలి.