సాత్‌బారా ఫొటోలో లేని అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగు రైతుల మధ్య ఈ పంచాయితీ మళ్లీ మొదలైంది. మరాఠీలో ఉన్న భూమి రికార్డు సాత్‌బారాను ఫోన్‌లో ఫొటో తీసి, వాట్సాప్‌లో కొడుకుకో అల్లుడికో పంపుతారు. వాళ్లు దాన్ని ఏఐ మోడల్‌కి ఇచ్చి తెలుగులో చెప్పమంటారు. ఊరి పేరు, తాలూకా, జిల్లా, పైనున్న శీర్షికలు అన్నీ సరిగ్గా వస్తాయి. 0.81 హెక్టార్లు మాత్రం 0.89 అవుతుంది. హెక్టారులో వందో వంతైన ఆర్ దాదాపు ఒక గుంట కాబట్టి, రెండెకరాల చేనుకు ఎనిమిది గుంటలు అదనంగా కలిశాయన్నమాట. దేవనాగరిలో ఒకటికీ తొమ్మిదికీ ఉన్న తేడా చిన్న వంపు మాత్రమే. మన థ, ధల మధ్య చుక్క లాంటిదే అది.

ఫొటో సరిగా తీయకపోతే మోడల్ ఏం చేస్తుందని కొందరంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ కనపడలేదని చెప్పడానికి బదులు ఒక అంకె ఎందుకు చెప్పింది? దానికి జవాబు 2023 ఏప్రిల్‌లో ఉంది.

ఆ నెలలో లావా అనే మోడల్ వచ్చింది. బొమ్మను చూసే భాగాన్ని 2021లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన క్లిప్ అనే మోడల్ నుంచి తీసుకుని, దాన్ని ఒక భాషా మోడల్‌కి కలిపారు. తర్వాత వచ్చిన ఓపెన్ మోడళ్లు చాలావరకు ఆ దారినే నడిచాయి. లావాకి శిక్షణ ఇవ్వడానికి 1,58,000 ఉదాహరణలు కావాల్సి వచ్చాయి. వాటిని జీపీటీ-4తో రాయించారు, కానీ జీపీటీ-4కి బొమ్మలు చూపించలేదు. బొమ్మల కింద మనుషులు రాసిన వర్ణనలు, ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే అంకెలు మాత్రమే ఇచ్చారు. సంభాషణలు రాయించేటప్పుడు ఒక నియమం కూడా పెట్టారు: నమ్మకంగా జవాబు చెప్పలేని ప్రశ్న అడగొద్దు. తప్పుడు జవాబులు రాకుండా ఉండాలనే మంచి ఉద్దేశంతోనే అది పెట్టి ఉంటారు. కానీ అలా వడగట్టిన పాఠాల్లో 'ఇది మసకగా ఉంది, చదవలేను' అనే మాట దాదాపు లేకుండా పోయింది. అడిగితే జవాబు చెప్పాలన్నదే మోడల్ నేర్చుకుంది.

జవాబు లేని ఫొటోలు ఉంటాయన్న సంగతి అప్పటికే తెలుసు. చూపులేనివాళ్లు తమ ఫోన్లతో తీసిన ఫొటోలతో 2018లోనే విజ్‌విజ్ అనే పరీక్ష వచ్చింది. అందులో 'జవాబు చెప్పలేం' అన్నది కూడా సరైన జవాబే. 2023లోనే లావా కొత్త రూపాన్ని ఆ పరీక్షకు పెట్టినప్పుడు, సమాచారం చాలకపోతే అలా చెప్పమని ప్రశ్నతోపాటు విడిగా రాసి ఇచ్చారు. రైతు కొడుక్కి ఆ మాట రాయాలని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఫొటో సంగతి. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. 4,000 పిక్సెళ్ల పొడవున తీస్తే 3 మిల్లీమీటర్ల అంకెకు 40 పిక్సెళ్లు దక్కుతాయి. వాట్సాప్ మామూలు క్వాలిటీలో పొడవు సుమారు 1,600కు తగ్గుతుంది, అంకె 16కు పడిపోతుంది. లావా కొత్త రూపం మొత్తం బొమ్మను 336 పిక్సెళ్ల చదరంలోకి కుదించి, 14 పిక్సెళ్ల గడులుగా కోసేది. అక్కడ అంకెకు మిగిలేది మూడున్నర పిక్సెళ్లు. ఒక్కో గడిలో 12 మిల్లీమీటర్ల కాగితం, అంటే రెండు మూడు వరుసల ముక్కలు కలిసిపోతాయి. 2024 నుంచి బొమ్మను ముక్కలు చేసి చూసే పద్ధతి పెరిగింది, పరిస్థితి మెరుగైంది. అయితే వాట్సాప్‌లో పోయిన వంపును ఏ ముక్కా తిరిగి తేలేదు.

ఆ ఖాళీని మోడల్ భాషతో పూరిస్తుంది. శీర్షికలు ప్రతి సాత్‌బారాలోనూ ఒకటే కాబట్టి మసకలోనూ ఊహ సరిపోతుంది. సర్వే నంబర్ లాంటి గట్ నంబర్, విస్తీర్ణం, ఇంటిపేరు ఊహకు అందవు. తెలుగు ఇంటిపేరు దేవనాగరిలో మసకగా ఉంటే, అది తెలిసిన మరాఠీ ఇంటిపేరు వైపు జారిపోవచ్చు. శీర్షికలు సరిగ్గా వచ్చాయి కదా అని అంకెనూ నమ్మడంలోనే మోసపోతున్నారు.

ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే కుదింపు ఉండదు. పంపే ముందు కావలసిన 60 మిల్లీమీటర్ల మేర మాత్రమే కత్తిరిస్తే, 336 చదరంలో కూడా అంకెకు 16, 17 పిక్సెళ్లు మిగులుతాయి. ఇప్పటికే మసకబారిన ఫొటోను యాప్‌తో 'స్పష్టం' చేయించొద్దు. అది వంపును ఊహించి గీస్తుంది, మోడల్ దాన్ని నిజమని చదువుతుంది.

అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. విస్తీర్ణం గడి మీద చిన్న కాగితం పెట్టి మళ్లీ ఫొటో తీసి, అదే ప్రశ్న అడగాలి. అప్పుడూ ఏదో ఒక అంకె చెబితే, మొదటిసారి చెప్పింది కూడా చదివి చెప్పిందని నమ్మడానికి లేదు. గడి కనపడటం లేదని చెప్పినా మొదటి అంకె సరైనదని కాదు. దాన్ని గ్రామ రెవెన్యూ అధికారి అయిన తలాఠీ ఇచ్చిన కాగితం మీదే కళ్లతో చూసుకోవాలి.