పేజీ చూడ్డానికి బాగుంది సరే, వేలికి అందుతోందా?

విశాఖలో ద్వారకానగర్ నుంచి అరకుకు వ్యాన్ టూర్లు నడిపే మా పరిచయస్తుడొకాయన తన బుకింగ్ పేజీకి రెండు డిజైన్లు గీయించుకుని, రెండు స్క్రీన్‌షాట్లూ వాట్సాప్‌లో పంపి "ఏది బాగుంది?" అని అడిగారు. ఇంట్లో అందరూ మొదటిదే బాగుందన్నారట. బొర్రా గుహల ఫొటో పెద్దగా ఉంది, ఖాళీ జాగా ఎక్కడా లేదు. రెండోదాంట్లో తెల్లటి ఖాళీ మరీ ఎక్కువైందని వాళ్ల అభ్యంతరం. నా ఓటు మాత్రం రెండోదానికే. ఎందుకో చెప్పాలంటే కొలవాలి, అదీ సరిగ్గా కొలవాలి.

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన స్క్రీన్‌షాట్‌ను కొలవకండి, దారిలో దాని సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపించుకుంటే అసలు సైజులోనే వస్తుంది. రెండూ ఒకే ఫోన్‌లో తీసినవై ఉండాలి కూడా. ఈయన ఫోన్ స్క్రీన్‌షాట్ వెడల్పు 1080 పిక్సెళ్లు. కానీ బ్రౌజర్ ఆ వెడల్పును 360గానే లెక్కేసుకుంటుంది, అంటే డిజైన్‌లో ఒక పిక్సెల్ స్క్రీన్‌షాట్‌లో మూడవుతుంది. ఇంకో ఫోన్‌లో ఈ నిష్పత్తి మూడు కాకపోవచ్చు. ఇక ఆరున్నర అంగుళాల ఫోన్ తెర అడ్డంగా సుమారు 68 మిల్లీమీటర్లుంటుంది. కాబట్టి స్క్రీన్‌షాట్‌లో 16 పిక్సెళ్లు వేలి కింద దాదాపు ఒక మిల్లీమీటరు. నాకు కావలసింది ఈ మిల్లీమీటర్లే, ఎందుకంటే తెర మీద ఎన్ని పిక్సెళ్లు ఇరికించినా బొటనవేలు మాత్రం అంతే ఉంటుంది.

ఇప్పుడు సీట్ల సంఖ్య ఎంచుకునే చోటు చూద్దాం. "పెద్దలు", "పిల్లలు" అని రెండు వరసలు, ఒక్కోదానికి ప్లస్, మైనస్ గుర్తులు, మధ్యలో అంకె. మొదటి డిజైన్‌లో ఒక్కో గుర్తు స్క్రీన్‌షాట్‌లో 60 పిక్సెళ్లుంది, అంటే నాలుగు మిల్లీమీటర్ల లోపే. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఖాళీ రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పెద్దల ప్లస్ నడిమధ్య నుంచి దాని కిందే ఉన్న పిల్లల ప్లస్ నడిమధ్యకు దూరం ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు.

ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని బొటనవేలితో నొక్కేవాళ్ల మీద 2006లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, నొక్కే చోటు కనీసం 9.2 మిల్లీమీటర్లుంటే మేలని తేల్చింది. ఆండ్రాయిడ్ డిజైన్ సూచనలు కనీస సైజుగా చెప్పే 48 యూనిట్లు కూడా ఈ ఫోన్‌లో దాదాపు 9 మిల్లీమీటర్లే అవుతాయి. గాజువాక నుంచి వచ్చే సిటీ బస్సులో ఒక చెయ్యి రాడ్డు మీద, ఇంకో చేతిలో ఫోన్ పెట్టుకుని సీటు బుక్ చేసుకునే మనిషికి నాలుగు మిల్లీమీటర్ల గుర్తు చూపించడం అన్యాయం.

పైగా వేలు మనం అనుకున్న చోటే పడదు. తెరకు తెలిసేది ఒక చుక్క కాదు, వేలి మెత్త ఆనినంత మేరా ఒక మచ్చ. అందులోంచి ఫోన్ ఒక్క బిందువును లెక్కగడుతుంది. మనమేమో గోరు కొసను చూసుకుంటూ గురిపెడతాం, మెత్త ఆనేది దానికి కాస్త కింద. అందుకే తప్పు నొక్కు తరచూ గురికి దిగువన పడుతుంది. మొదటి డిజైన్‌లో దిగువన ఉన్నది పిల్లల ప్లస్. పెద్దవాళ్లు ముగ్గురికి చేద్దామని నొక్కితే పిల్లాడొకడు చేరతాడు. వేలు అడ్డుండటంతో అది వెంటనే కనబడదు కూడా, డబ్బు కట్టే ముందు మొత్తం చూసుకున్నప్పుడే తెలుస్తుంది.

మరి ఇలాంటి పేజీని ప్రమాణాలు ఆపవా అంటే, ఈ విషయంలో ఆపవు. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2, 2023లో వచ్చింది, కనీస సైజు 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్లు అంటుంది, అంటే పైన చెప్పిన డిజైన్ పిక్సెళ్లే. మన గుర్తు 60ని మూడుతో భాగిస్తే 20 మాత్రమే. అయినా అందులో ఒక మినహాయింపుంది. చిన్న గుర్తు నడిమధ్య 24 వ్యాసంతో ఒక వృత్తం ఊహించుకోవాలి, అది పక్క గుర్తునూ దాని వృత్తాన్నీ తాకకపోతే చాలు. ఇక్కడ నడిమధ్యల దూరం అడ్డంగా 32, నిలువుగా 28. తాకవు, పాస్. ఆ ప్రమాణం గీసింది అట్టడుగు గీత, దాన్ని దాటినంత మాత్రాన బస్సులో వేలికి అందుతుందని కాదు.

రెండో డిజైన్‌లో తమాషా ఏమిటంటే గుర్తుల సైజు అంతే, అదే 60 పిక్సెళ్లు. అందుకే స్క్రీన్‌షాట్ చూసినవాళ్లకు తేడా కనపడలేదు, చుట్టూ ఉన్న ఖాళీ మాత్రం దండగలా కనిపించింది. కానీ ఆ ఖాళీ గుర్తుదే. రాసినవాళ్లు ఇలా పెట్టారు:

```css
.plus, .minus {
  width: 20px;
  height: 20px;
  padding: 14px;
  box-sizing: content-box;
}
```

20కి రెండు వైపులా 14 కలిస్తే 48. కంటికి నాలుగు మిల్లీమీటర్లు కనబడేది వేలికి తొమ్మిదవుతుంది. వరసకూ వరసకూ మధ్య ఇంకో ఒకటిన్నర మిల్లీమీటరు ఏమీ నొక్కుకోని జాగా కూడా వదిలారు. ఇది స్క్రీన్‌షాట్‌లో ఎంత వెతికినా దొరకదు. అసలు పేజీ తెరిచి గుర్తు మీద కాకుండా పక్కనున్న తెల్ల జాగాలో నొక్కాలి, అంకె మారితే ఆ ఖాళీ పనిచేస్తున్నట్టు. దీనికి తిరగబడ్డ మోసం కూడా చాలా పేజీల్లో చూస్తుంటాం. రంగు పెట్టె పెద్దగా ఉంటుంది, లోపలి అక్షరాల మీద నొక్కితే తప్ప పలకదు.

ఇక అసలు బటన్ ఎంత త్వరగా కనబడుతుందన్నది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆన్ ట్రీస్‌మన్, గ్యారీ జెలేడ్ 1980లో ప్రచురించిన ప్రయోగాల్లో, వెతికే వస్తువు రంగులోనో ఆకారంలోనో తానొక్కటే వేరుగా ఉంటే చుట్టూ ఎన్ని ఉన్నా దాదాపు అంతే వేగంగా దొరికింది. రంగు కొన్నిటితో, ఆకారం కొన్నిటితో కలిసిపోతే మాత్రం ఒక్కోటీ చూసుకుంటూ వెతకాల్సొచ్చింది. మొదటి డిజైన్‌లో "సీటు బుక్ చేయండి" నారింజ రంగే, "వాట్సాప్ చేయండి" నారింజ రంగే, పైన తగ్గింపు పట్టీ కూడా నారింజే. రెండోదాంట్లో నిండుగా రంగు నింపినది బుకింగ్ బటన్ ఒక్కటే, మిగతావన్నీ గీతల పెట్టెలు.

నా మాట నమ్మనక్కర్లేదు, పరీక్షించవచ్చు. ఆర్కే బీచ్‌లో నడకకొచ్చినవాళ్లలో ఒప్పుకున్నవాళ్లకు ఫోన్ ఇచ్చి "రేపటికి రెండు సీట్లు కావాలి, ఎక్కడ నొక్కుతారు?" అని అడగాలి. "బుక్ బటన్ ఎక్కడుంది?" అని మాత్రం అడగొద్దు, ప్రశ్నలోనే జవాబు అందించినట్టవుతుంది. ప్రశ్న అయ్యాకే స్క్రీన్‌షాట్‌ను తెర నిండా చూపించాలి, పక్కనుంచి ఇంకో ఫోన్‌తో వీడియో తీస్తే బొమ్మ కనబడ్డప్పటి నుంచి వేలు ఆనేదాకా ఎంతసేపు పట్టిందో తర్వాత తీరిగ్గా లెక్కేసుకోవచ్చు. ఒక మనిషికి ఒక డిజైనే చూపించడం మంచిది. మొదటిది చూసినవాళ్లకు రెండోదాంట్లో ఏం వెతకాలో ముందే తెలిసిపోతుంది, ఆ వేగం డిజైన్‌ది కాదు. సమయంతో పాటు మొదటి వేలు ఎక్కడ పడిందో కూడా రాసుకోండి, త్వరగా వాట్సాప్ బటన్ నొక్కినవాళ్లు త్వరగా తప్పు చేసినట్టే లెక్క.

రెండోదాంట్లో నాకు నచ్చనిది ఒకటుంది. బుకింగ్ బటన్‌ను తెర అట్టడుగున అంటించారు. బొటనవేలికి అందే చోటే, కానీ యాప్ మూసేయడానికి పైకి జరిపే సన్నగీత సరిగ్గా దాని కిందే ఉంటుంది, కొన్ని బ్రౌజర్ల సొంత పట్టీ కూడా అక్కడే. బటన్ కింద ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు వదలమని ఆయనకు చెప్పాను. మొదటి డిజైన్‌ నుంచి ఆ బొర్రా గుహల ఫొటో తెచ్చి ఇందులో పెట్టుకోమనీ చెప్పాను, కాకపోతే ఫొటోకు ఎత్తు ముందే కేటాయించాలి. లేకపోతే సిగ్నల్ సరిగా లేనిచోట ఫొటో ఆలస్యంగా దిగి, నొక్కబోయే సమయానికి ప్లస్ గుర్తులన్నీ కిందికి జారిపోతాయి.