ఏ నూటికి ఎన్ని? ఓట్ల శాతం, పోలింగ్ శాతం, మెజారిటీ: అపోహలు - వాస్తవాలు

రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసి రిటైరయ్యాను. అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా సహాయ రిటర్నింగ్ అధికారిగా డ్యూటీ పడేది. పోలింగ్ సామగ్రి పంచడం నుంచి లెక్కింపు పూర్తయి పెట్టెలకు సీలు వేసేదాకా అన్నీ దగ్గరుండి చూశాను. ఉద్యోగం వదిలినా ఎన్నికలు నన్ను వదలలేదు. ఫలితాల రోజు దగ్గర పడుతుంటే బంధువులు, ఊరివాళ్లు, పాత సహోద్యోగులు ఫోను చేస్తారు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మనకు ఇంత శాతం వచ్చిందట, గెలుస్తామా?"

ఏ శాతమని అడిగితే అవతలి నుంచి జవాబు రాదు. తప్పు వాళ్లది కూడా కాదు. "ఓటింగ్ శాతం" అనే మాటను ఒక చోట ఎంతమంది ఓటు వేశారో చెప్పడానికి, మరో చోట పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పడానికి వాడుతున్నారు. "మెజారిటీ" కూడా అంతే. మన వాడుకలో అది గెలిచిన అభ్యర్థికి, రెండో స్థానంలో ఉన్నవారికి మధ్య ఉన్న ఓట్ల తేడా. సగానికి మించిన ఓట్లని అర్థం చేసుకునేవారూ ఉన్నారు. ముగ్గురు అభ్యర్థులు గట్టిగా పోటీపడిన చోట 38 శాతంతోనూ పది వేల మెజారిటీ వస్తుంది.

అపోహ: మూడు శాతం ఆధిక్యం ఉందంటే, మొత్తం ఓటర్లలో మూడు శాతం మెజారిటీ వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మా అన్నయ్య కొడుకు అనుభవమే చెబుతాను. ఊరు గుర్తు పట్టకుండా అంకెలను కాస్త మార్చాను.

నియోజకవర్గంలో 2,20,000 మంది ఓటర్లు. తన అభ్యర్థికి రెండు శాతం ఆధిక్యం ఉందని ఒక సర్వే చెప్పింది. మావాడు ఓటర్ల జాబితా అంకె తీసుకుని దానిలో రెండు శాతం కట్టాడు. 4,400 వచ్చింది. మెజారిటీ నాలుగు వేలు దాటుతుందని మిర్చి అమ్మిన డబ్బు పందెం కాశాడు. పందేలు నేరమని వాడికి తెలుసు, నేను చీవాట్లు పెడతాననీ తెలుసు. అందుకే ముందు చెప్పలేదు.

ఫలితం రోజు సాయంత్రం ఫోను. "బాబాయ్, మనవాడు గెలిచాడు, నేను మాత్రం మునిగిపోయాను." గొంతు వణుకుతోంది. సర్వే మోసం చేసిందని వాడి బాధ. కాగితం తీసుకుని కూర్చోమన్నాను.

పోలింగ్ 80 శాతం. అంటే 2,20,000 మందిలో ఓటు వేసినవారు 1,76,000. గెలిచిన అభ్యర్థికి 84,480 ఓట్లు, రెండో అభ్యర్థికి 80,960. మిగతా 10,560 ఇతరులకు, నోటాకు పోయాయి. ఇప్పుడు శాతాలు కట్టమన్నాను. పోలైన ఓట్లలో మొదటివారికి 48 శాతం, రెండోవారికి 46 శాతం. ఆధిక్యం సరిగ్గా రెండు శాతమే. సర్వే చెప్పింది నిజమే అయింది! కానీ మెజారిటీ 3,520. ఓటు వేయడానికి రాని 44,000 మందిని కూడా మావాడు లెక్కలోకి తెచ్చాడు. తప్పు జరిగింది అక్కడ.

కాబట్టి శాతం అనే మాట వినగానే ఏ నూటికని అడగండి. పోలింగ్ శాతం జాబితాలోని ఓటర్లలో నూటికి ఎంతమంది వచ్చారో చెబుతుంది. ఓట్ల శాతం పోలైన ఓట్లలో నూటికి ఎన్ని ఒకరికి పడ్డాయో చెబుతుంది. మెజారిటీ అసలు శాతం కాదు, అది వట్టి ఓట్ల సంఖ్య. ఇదే నియోజకవర్గంలో పోలింగ్ 60 శాతమే జరిగి, ఆధిక్యం అదే రెండు శాతంగా ఉంటే మెజారిటీ 2,640కి పడిపోయేది. 48 శాతం తెచ్చుకున్న ఆ విజేతకు జాబితాలోని మొత్తం ఓటర్లలో దక్కింది 38.4 శాతమే. "నియోజకవర్గంలో సగం మంది మావైపే" అని ఊరేగింపులో అరిచేవారు ఈ అంకె కూడా చూసుకోవాలి.

మావాడు ఇంకొకటి అడిగాడు. "ఇంకో 3,520 మంది అటు వెళ్తే మనం ఓడిపోయేవాళ్లమా?" అంతమంది అక్కర్లేదు. ఒక మనిషి ఇటు నుంచి అటు మారితే ఇక్కడ ఒకటి తగ్గి అక్కడ ఒకటి పెరుగుతుంది, అంటే తేడా రెండు తగ్గుతుంది. 1,761 మంది మారితే చాలు, మొదటివారికి 82,719, రెండోవారికి 82,721. ఫలితం తారుమారు. ఒక పెద్ద గ్రామం ఓటర్ల కంటే తక్కువ మంది అది.

అపోహ: రాష్ట్రంలో ఓట్ల శాతం ఎంతో, సీట్లు కూడా దాదాపు అంతే రావాలి. రాకపోతే ఎక్కడో తేడా జరిగింది.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం చిల్లర ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతం చిల్లరే వచ్చాయి, సీట్లు 11. రెండుసార్లూ ఓడిన పక్షం అభిమానులు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: నూటికి 39 మంది మాకు వేస్తే సీట్లు ఏమయ్యాయి? ఆ ఓట్లు ఎక్కడికీ పోలేదు. నియోజకవర్గాల్లో రెండో స్థానంలో ఉన్న అభ్యర్థుల ఖాతాల్లో భద్రంగా ఉన్నాయి. మన పద్ధతిలో రెండో స్థానానికి సీటు లేదు, అది 25 ఓట్ల తేడాతో వచ్చినా, 95 వేల తేడాతో వచ్చినా.

ఆ రెండు అంకెలూ ఊరికే చెప్పలేదు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు బోండా ఉమామహేశ్వరరావు మీద 25 ఓట్లతో గెలిచారు. ఇద్దరికీ చెరో 70 వేలకు పైగా వచ్చాయి. తేడా శాతంలో కడితే 0.02 కూడా ఉండదు. 2024లో గాజువాకలో పల్లా శ్రీనివాసరావు మెజారిటీ 95,235. శాసనసభలో ఈ రెండు విజయాల విలువా ఒక్కటే, ఒక్కో సీటు. కానీ రాష్ట్ర ఓట్ల శాతం కట్టేటప్పుడు గాజువాకలో పోగుపడిన ఓట్లన్నీ మొత్తంలో కలుస్తాయి. అందుకే రాష్ట్ర శాతం చూసి ఒక నియోజకవర్గం మెజారిటీ చెప్పలేం, మెజారిటీలు చూసి రాష్ట్ర శాతం చెప్పలేం.

జనసేన సంగతి మరీ స్పష్టం. 2019లో రాష్ట్రమంతటి ఓట్లలో సుమారు ఐదున్నర శాతం తెచ్చుకుని ఒక్క సీటు గెలిచింది. 2024లో ఏడు శాతం లోపే, కానీ 21 సీట్లు. రెండోసారి పొత్తులో పోటీ చేసిందే 21 చోట్ల. మిగిలిన 154 నియోజకవర్గాల్లో దాని గుర్తే బ్యాలెట్ మీద లేదు, అయినా ఆ ఓట్లన్నీ శాతం కట్టే హారంలో ఉన్నాయి. "ఏడు శాతం పార్టీ" అని వాదించేవారు ఏ నూటికని అడగడం మరచిపోయారు.

అపోహ: సాయంత్రం చెప్పిన పోలింగ్ శాతం మర్నాటికి పెరిగిందంటే ఓట్లు కలిపారు.

ఈ పుకారు విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. రాత్రంతా మేలుకున్న ఉద్యోగుల మీద వేసే నింద ఇది. 2024 మే 13న సాయంత్రం అయిదు గంటలకు ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 68 శాతం దగ్గర ఉందని చెప్పారు. చివరి లెక్క యంత్రాల్లో 80.66, పోస్టల్ బ్యాలెట్లు 1.2 కలిపి 81.86 శాతం. సాయంత్రపు అంకె సెక్టార్ అధికారులు ఫోనులో చెప్పిన అంచనా. గడువు ముగిసే వేళకు వరుసలో ఉన్న అందరికీ ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన చీటీలు ఇస్తారు. ఆ పంపిణీ వరుసలో చివరి మనిషి నుంచి మొదలవుతుంది, కొత్తవారు వెనక వచ్చి చేరకుండా. చీటీ ఉన్న చివరి మనిషి ఓటు వేసేదాకా పోలింగ్ నడుస్తుంది. ఆ రోజు కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటింది.

అనుమానం ఉంటే పరీక్షించే మార్గం ఉంది. పోలింగ్ ముగిశాక ప్రతి కేంద్రంలోనూ ఏజెంట్లకు ఫారం 17సి నకలు ఇస్తారు. యంత్రంలో నమోదైన మొత్తం ఓట్లు అందులో ఉంటాయి. లెక్కింపు రోజు అదే కంట్రోల్ యూనిట్‌లో వచ్చిన మొత్తంతో పోల్చి చూసుకోవాలి. అక్కడ తేడా కనిపిస్తే అది మాట్లాడాల్సిన విషయం. టీవీలో రెండు శాతాల మధ్య తేడా అలాంటిది కాదు.

మిగతావి క్లుప్తంగా. పోలింగ్ పెరిగితే ప్రభుత్వం పడిపోతుందనే సూత్రం ఏదీ లేదు. నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి, ఆ లెక్కలో నోటా కలవదు.

అపోహ: లెక్కింపు కేంద్రంలో శాతాలు చూసుకుంటూ ఉంటే చాలు.

ఒకసారి లెక్కింపులో ఒక పెద్దాయన, ఓడిపోతున్న అభ్యర్థి ఏజెంటు, నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ప్రతి బూత్ పోలింగ్ శాతాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. "మా మండలంలో 84 శాతం అయిందండీ, అయినా వెనకబడ్డాం. ఎలా?" అన్నారు. చేతులు చల్లబడి ఉన్నాయి. 84 శాతం మంది వచ్చారు గానీ వచ్చినవారందరూ మీకే వేయలేదు కదండీ అని నెమ్మదిగా చెప్పాను. తుది ఫలితాలు రాసే పట్టిక ఫారం 20. గోడకు అంటించిన దాని ఖాళీ నమూనా దగ్గరికి తీసుకెళ్లాను. బూత్‌కు ఒక వరుస, అభ్యర్థికి ఒక గడి, నోటాకు ఒక గడి. శాతానికి గడి లేదు.

ఆ గదిలో పనికొచ్చేది మెజారిటీ ఒక్కటే. తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్ల సంఖ్య కంటే మెజారిటీ తక్కువగా ఉంటే, తిరస్కరించినవన్నీ మళ్లీ పరిశీలించి తీరాలి. పోలింగ్‌కు ముందు పరీక్ష కోసం వేసే మాక్ పోల్ ఓట్లు చెరపకుండా పోలింగ్ మొదలుపెట్టిన యంత్రాన్ని పక్కన పెడతారు. అలాంటి యంత్రాల్లోని మొత్తం ఓట్ల కంటే మెజారిటీ ఎక్కువైతే వాటి జోలికి పోరు, తక్కువైనా సమానమైనా వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు. మొత్తం ఓట్లు ప్రకటించాక, ఫారం 20 మీద సంతకం పడేలోగా, కారణాలు రాసి రీకౌంటింగ్ అడగవచ్చు. సంతకం పడిన తర్వాత ఆ తలుపు మూసుకున్నట్టే. ఇక 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి.

ఆ పెద్దాయన నోటుపుస్తకం మూసి, పోస్టల్ బ్యాలెట్లు ఎన్ని తిరస్కరించారని అడిగారు. 212. అప్పటికి తేడా 190 చిల్లర. ఆయన అభ్యర్థి దగ్గరికి దాదాపు పరుగెత్తారు. 212 కవర్లూ మళ్లీ బల్ల మీదికి వచ్చాయి. ఒక్కొక్క డిక్లరేషన్‌ను ఏజెంట్లందరికీ చూపిస్తూ వచ్చాం, గంటన్నర పట్టింది. ఫలితం మారలేదు. అయినా ఆయన వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం పెట్టి, "ఇప్పుడు ఇంటికెళ్లి నిద్రపోగలను" అన్నారు.