అనువాద ఫైల్లో %d జరిపితే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

పాత అనువాదాల్లో "పుట"ను "పేజీ"గా మార్చే పని కొత్తవాళ్లకు ఇచ్చినప్పుడల్లా ఒకే మాట వింటాను: "%d ఇంగ్లీషులో ఎక్కడుందో తెలుగులోనూ అక్కడే ఉండాలంట కదండీ?"

అక్కర్లేదు. `%d` అంటే ప్రోగ్రాము అంకెను పెట్టే చోటు, అంతే. ఈ పుకారు వల్లే మన తెరల మీద "పేజీ 3 యొక్క 12" లాంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. తెలుగులో మొత్తం ముందొస్తుంది, వరుస అంకె తర్వాత వస్తుంది. కాబట్టి జరపాలి, కానీ నంబరు వేసి జరపాలి.

```
#, c-format
msgid "Page %d of %d"
msgstr "%2$d పేజీల్లో %1$dవది"
```

ఇక్కడ `2$` అంటే ప్రోగ్రాము పంపే రెండో విలువ. ఒకదానికి నంబరు వేస్తే ఆ వాక్యంలో అన్నిటికీ వేయాలి.

ఇంతకంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇంకోటుంది: "`msgfmt -c` తప్పు చూపలేదు, కాబట్టి ఫైలు బాగుంది." అది అనువాద ఫైలును తనిఖీ చేసే ఆదేశమే, కానీ చూసేది గుర్తుల రకాన్నే, అర్థాన్ని కాదు. `%d` అంకెకు, `%s` మాటకు. "%d errors in %s"ని నంబర్లు లేకుండా "%sలో %d తప్పులు" అని రాస్తే రకాలు తారుమారయ్యాయని వెంటనే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే ప్రోగ్రామే కూలిపోవచ్చు. పై ఉదాహరణలో మాత్రం రెండూ `%d`లే. నంబర్లు వేయకుండా "%d పేజీల్లో %dవది" అని రాసినా తనిఖీ నెగ్గుతుంది, తెర మీద మాత్రం "3 పేజీల్లో 12వది" అని వస్తుంది. కాబట్టి ఒకే రకం గుర్తులు రెండున్న వాక్యాలను వెతికి, ప్రోగ్రాము నడిపి కళ్లతో చూడాల్సిందే. `c-format` లాంటి గుర్తు లేని వాక్యాల్లోనైతే ఆ తనిఖీ ఈ `%` గుర్తులను అసలు పట్టించుకోదు.

"రీప్లేస్ ఆల్ కొడితే చాలు" అనేది మరో నమ్మకం. ఒక టీచరుగారు సాయం చేద్దామని వచ్చి అలాగే కొట్టారు. "పుట్టిన తేదీ" కాస్తా "పేజీ్టిన తేదీ" అయింది. యూనికోడ్‌లో "పుట్టిన"లోని మొదటి మూడు సంకేతాలు ప, ఉకారం, ట. అంటే అచ్చంగా "పుట"యే. ఫైలంతా పాడుచేశానని ఆవిడ చాలా టెన్షన్ పడ్డారు. పాత కాపీ ఉంది, వెనక్కి తెచ్చుకున్నాం. ఒక్కో చోటా చూసి ఒప్పుకుంటూ మార్చితే ఈ బాధ ఉండదు. "పుటలు", "పుటకు" లాంటి రూపాలూ అప్పుడే సరిచేసుకోవచ్చు.

ఇక మిగతావి. `\n` అంటే కొత్త వరుస, అనవసరం అనుకుని తీసేయకండి. చివర్లో అది పోతే `msgfmt -c` చెబుతుంది, మధ్యలో పోతే చెప్పదు. పైథాన్‌లో `%(name)s` వస్తే లోపలి పేరును తెలుగు చేయకూడదు. అక్కడ పేరే ఆధారం కాబట్టి నంబర్లు లేకుండానే ఎటైనా జరపొచ్చు. మార్చినా తెర మీద పాత ఇంగ్లీషే వస్తోందని కంగారుపడేవాళ్లు ముందు, అనువాదాన్ని ఇంకా సరిచూడాలని చెప్పే `fuzzy` గుర్తు ఉందేమో చూడండి. అదుంటే ప్రోగ్రాముకు ఫైలు తయారుచేసేటప్పుడు `msgfmt` ఆ అనువాదాన్ని వదిలేస్తుంది.