సముద్రపు అడుగున బోలుకు చోటు లేదు

2014 మే 10న, న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా ఉన్న కెర్మాడెక్ అగాధంలో 9,900 మీటర్ల లోతున పనిచేస్తున్న నెరియస్ అనే మనుషులు లేని వాహనం నుంచి పైనున్న ఓడకు దృశ్యాలు రావడం ఆగిపోయింది. తొమ్మిది గంటల పనిలో అది ఏడో గంట. సంబంధం తెగితే బరువులు వదిలేసి తనంతట తానే పైకి తేలిరావాలని దానికి ముందే ఏర్పాటు ఉంది. అది రాలేదు. ఆ తర్వాత నీటి మీద తేలుతూ దాని తునకలు మాత్రం కనిపించాయి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఈ వాహనం, అంతకు ఐదేళ్ల క్రితం, 2009 మే 31న, ప్రపంచంలోనే అత్యంత లోతైన ఛాలెంజర్ డీప్‌లో 10,902 మీటర్ల దాకా దిగి క్షేమంగా తిరిగి వచ్చింది. అంత లోతును తట్టుకున్న యంత్రం అంతకంటే వెయ్యి మీటర్లు పైన ఎందుకు పగిలింది? దానికి జవాబు నెరియస్‌తో మొదలు కాదు. అర్ధ శతాబ్దం వెనక్కి వెళ్లాలి.

లెక్క సులువు. నీటిలో దిగే ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పది కిలోమీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక టన్నుకు పైగా బరువు పడుతుంది. అయితే ‘నలిపివేసే పీడనం’ అనే మాట సగమే నిజం. నీళ్లతో నిండిన సీసాను అక్కడికి దింపితే దానికేమీ కాదు. ఖాళీ సీసాకు మూత బిగించి దింపితే పొడి అవుతుంది. పీడనానికి అన్ని వైపులా సమాధానం ఉన్నచోట నష్టం లేదు. లోపల ఖాళీ ఉండి, బయట మాత్రమే బరువు ఉన్నచోటే ప్రమాదం. అంటే ఇంజినీరుకు రెండే దారులు: గోడను మందంగా కట్టి ఖాళీని కాపాడడం, లేదా ఖాళీయే లేకుండా చేయడం.

ఈ రెండు దారులూ 1960 జనవరిలో ఛాలెంజర్ డీప్‌కు మనుషులను మోసుకెళ్లిన ట్రియెస్ట్ అనే వాహనంలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఇద్దరు మనుషులు కూర్చున్న ఉక్కు గోళం గోడ దాదాపు 13 సెంటీమీటర్ల మందం. దాన్ని తేలించే పెద్ద తొట్టె గోడలు మాత్రం పలుచని రేకు. తొట్టె నిండా నీటికంటే తేలికైన పెట్రోలు, అడుగున సముద్రానికి తెరిచిన దారి. లోతుకు వెళ్లేకొద్దీ పెట్రోలు కాస్త కుదించుకుపోతుంది, ఆ మేరకు కింది నుంచి సముద్రపు నీరు లోపలికి వస్తుంది. లోపలా బయటా ఒకే పీడనం కాబట్టి రేకుకు బరువే తెలియదు. మనిషి ఉన్నచోట మందపు గోడ తప్పదు. మనిషి లేకపోతే ఆ గోడ చాలావరకు అక్కర్లేదు. ఆర్‌ఓవీకి, అంటే పైనున్న ఓడ నుంచి కేబుల్ ద్వారా నడిపే వాహనానికి, ఉన్న అసలు లాభం ఇదే.

ఆ లాభం లోకానికి కనబడింది 1966లో. ఆ జనవరిలో స్పెయిన్ తీరంలోని పాలోమారెస్ మీద రెండు అమెరికన్ సైనిక విమానాలు ఢీకొని, ఒక హైడ్రోజన్ బాంబు మధ్యధరా సముద్రంలో పడింది. మనుషులతో నడిచే ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి దాన్ని వెతికి పట్టుకుంది. దాదాపు 870 మీటర్ల లోతు నుంచి ఏప్రిల్ 7న పైకి తెచ్చింది మాత్రం అమెరికా నౌకాదళపు కర్వ్ అనే కేబుల్ వాహనం. అదీ చక్కగా పట్టుకుని కాదు. బాంబు పారాచూట్‌లో అదే చిక్కుకుపోయింది, వాహనాన్నీ బాంబునూ కలిపే లాగేశారు. సాంకేతిక చరిత్రలో ఇలాంటి గెలుపులు తక్కువేమీ కాదు.

తర్వాతి దశాబ్దాల్లో లోతు పెరిగేకొద్దీ వాహనాల్లోని ఖాళీలు ఒక్కొక్కటిగా మాయమవుతూ వచ్చాయి. మోటారు పెట్టె, గేర్లు, వాల్వులు, తీగలు కలిసే పెట్టె అన్నిటినీ నూనెతో నింపారు. వాటికి కాంపెన్సేటర్ అనే చిన్న భాగాన్ని తగిలించారు. ఇది ఒక రబ్బరు తిత్తి, లేదా స్ప్రింగుతో నెట్టే పిస్టన్. సముద్రం ఒత్తినంత ఒత్తిడిని లోపలి నూనెకు అందించి, స్ప్రింగు బలంతో మరికొంచెం కలుపుతుంది. లోపలి పీడనం ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లు పడినా నూనె బయటికి పోతుందే తప్ప ఉప్పునీరు లోపలికి రాదు. తిత్తిలో నూనె అయిపోయేదాకా ఈ భరోసా ఉంటుంది. అందుకే ఆర్‌ఓవీ నడిపే గదిలో కాంపెన్సేటర్ మట్టం చూపే సూచిక మీద పైలట్‌కు ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది.

ఆ సూచికను చదవడం ఒక విద్య. 20 లీటర్ల నూనె ఉన్న వాహనాన్ని 28 డిగ్రీల వేడి ఉన్న డెక్ మీద నుంచి 6,000 మీటర్లకు దింపారనుకుందాం. అడుగున నీరు 2 డిగ్రీలు. 26 డిగ్రీల చలికి నూనె దాదాపు రెండు శాతం ముడుచుకుంటుంది, అంటే 400 మిల్లీలీటర్లు. 600 వాతావరణాల పీడనం మరో మూడు శాతం వరకు కుదిస్తుంది, అంటే 600 మిల్లీలీటర్లు. ఎక్కడా చుక్క కారకపోయినా మట్టం ఒక లీటరు పడుతుంది. తిత్తిలో ఆ లీటరు, దాని మీద మరికొంత లేకపోతే, తిత్తి ఖాళీ అయిన చోటి నుంచి పెట్టె గోడ నలగడం మొదలవుతుంది.

మరి మామూలు తగ్గుదలను లీకేజీ నుంచి వేరుచేసేది ఎలా? మట్టం ఎప్పుడు పడిందో చూడాలి. దిగుతున్నంతసేపూ నింపాదిగా పడుతూ, అడుగున ఆగగానే, చల్లదనం లోపలిదాకా పాకాక, అదీ ఆగితే అది నూనె కుదింపే. లోతు మారకుండా గంట గడిచినా మట్టం పడుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది. మొదటి వంద మీటర్లలోనే దభాలున పడితే అది మూడో జబ్బు: నూనె నింపేటప్పుడు లోపల గాలి ఉండిపోయింది. గాలి 90 మీటర్ల లోతుకే పదో వంతుకు కుంచించుకుపోతుంది కాబట్టి దాని గుర్తు పైననే తెలిసిపోతుంది. అలాంటప్పుడు పైకి తెచ్చి గాలి తీయడమే మంచిది. ‘కాస్తే కదా’ అని దింపితే ఆ కాస్త చోటును కూడా తిత్తి నింపాల్సి వస్తుంది.

చలి పెట్టే ఇబ్బంది ఇంకోటి ఉంది. చల్లబడిన నూనె చిక్కబడుతుంది, పీడనం దాన్ని మరింత చిక్కబరుస్తుంది. డెక్ మీద చురుకుగా తిరిగిన యంత్రపు చేయి అడుగున మందకొడిగా కదులుతుంది. వాహనాన్ని నెట్టే థ్రస్టరు మోటారు చిక్కటి నూనెను చిలకడానికే కొంత శక్తి పోగొట్టుకుంటుంది. అందుకే లోతు వాహనాలకు పలుచని నూనె ఎంచుకుంటారు. పలుచని నూనె సీళ్ల దగ్గర సులువుగా కారుతుందన్నది దానితో వచ్చే చిక్కు.

అన్నిటినీ నూనెలో ముంచలేం. కెమెరాకు, కంప్యూటర్ బోర్డులకు, లోపల ఖాళీ ఉండే కొన్ని ఎలక్ట్రానిక్ భాగాలకు పొడి గాలి కావాలి. వాటిని టైటానియం డబ్బాల్లో పెట్టి ఓ-రింగులతో మూస్తారు. ఆశ్చర్యంగా, ఇక్కడ పీడనం కొంత సాయమే చేస్తుంది. లోతు పెరిగేకొద్దీ నీరు రబ్బరు రింగును దాని గాడిలోకి మరింత గట్టిగా నొక్కుతుంది. అందువల్ల సీలు సరిగా కూర్చోకపోతే ఆ లోపం చాలాసార్లు పైనీళ్లలోనే బయటపడుతుంది. రింగు మీద పడిన ఒక్క వెంట్రుక చాలు. దింపేముందు డబ్బాలోని గాలిని కొంత లాగేసి, ఆ శూన్యం నిలుస్తుందో లేదో చూసే పరీక్ష ఇందుకే. చలి ఇక్కడ కూడా తన పని తాను చేస్తుంది. ఉష్ణమండలపు తేమగాలిని లోపల ఉంచి మూస్తే, అడుగున ఆ తేమ చల్లని గోడ మీద చెమ్మగా దిగి బోర్డుల మీదికి జారుతుంది. సముద్రపు నీరు చుక్క రాకుండానే లీకు హెచ్చరిక మోగుతుంది. పొడి నైట్రోజన్ నింపి మూయడం దానికి మందు.

ఇంత చేశాక మిగిలిన పెద్ద ఖాళీ తేలే గుణం. టైటానియం, మోటార్లు, చేతులు అన్నీ నీటికంటే బరువు. వాటిని నీటిలో దాదాపు బరువు లేనట్టుగా నిలపాలంటే తేలికైనదేదో కావాలి, తేలికైన వస్తువులో ఖాళీ ఉండక తప్పదు. సింటాక్టిక్ ఫోమ్ దీనికి పాత జవాబు. కంటికి ఆనని బోలు గాజు పూసలను ఎపాక్సీలో కలిపి గట్టిపరిచిన దిమ్మ అది. ఒక్కో పూస చిన్నది, కొన్ని పగిలినా దిమ్మ నిలుస్తుంది. కానీ లోతు పెరిగేకొద్దీ పూస గోడ మందం కావాలి, దిమ్మ బరువెక్కాలి. పదకొండు కిలోమీటర్లకు పనికొచ్చే ఫోమ్ తన బరువు పోను తేలించేది తక్కువే. అంటే వాహనం పెద్దదవుతుంది, దానికి ఇంకా పెద్ద దిమ్మ కావాలి.

మొదట ఆ లోతుకు చేరిన ఆర్‌ఓవీ జపాన్ వారి కైకో. 1995 మార్చి 24న 10,911 మీటర్లకు దిగింది. దాని అసలు కష్టం కేబుల్. ఉక్కు కేబుల్ అంత పొడవున తన బరువును తాను మోయడానికే అలసిపోతుంది. అందుకే తేలికైన కెవ్లార్ వాడారు. వాహనాన్ని రెండు భాగాలు చేసి, బరువైన పై భాగాన్ని కేబుల్ చివర వేలాడదీసి, దాని నుంచి చిన్న తీగతో అసలు వాహనాన్ని తిరగనిచ్చారు. 2003 మే 29న తుఫాను వాతావరణంలో ఆ రెండో తీగ తెగింది. పీడనాన్ని జయించిన యంత్రం సముద్రంలో కలిసిపోయింది.

కేబుల్ బరువు లేకుండా చేయాలన్నదే నెరియస్ ఆలోచన. శక్తి కోసం బ్యాటరీలు తనలోనే మోసుకెళ్లి, మాట్లాడుకోవడానికి మాత్రం వెంట్రుకంత సన్నని గాజు తంతువును విప్పుకుంటూ పోయింది. తెలివైన ఎత్తే, కానీ ఒక బరువును దింపి ఇంకొకటి ఎత్తుకుంది. పైనుంచి కరెంటు రాదు కాబట్టి బ్యాటరీలు, వాటి డబ్బాలు తానే మోయాలి. వాటిని తేలించడానికి మామూలు ఫోమ్ పెడితే వాహనం మోయలేనంత అవుతుంది. అందుకే సుమారు 1,500 బోలు సిరామిక్ బంతులు పెట్టారు. ఒక్కోటి 9 సెంటీమీటర్ల వ్యాసం, పలుచని గోడ. సిరామిక్‌కు నొక్కుడును తట్టుకునే బలం అపారం, బరువు తక్కువ. కాగితం మీద ఇంతకంటే మంచి పదార్థం దొరకదు.

అయితే అది లోహంలా ముందుగా వంగి హెచ్చరించదు. 9 సెంటీమీటర్ల బంతి ఉపరితలం దాదాపు 250 చదరపు సెంటీమీటర్లు. కెర్మాడెక్‌లో ఆ లోతున దాని మీద పడేది 250 టన్నులు. గోడలో కనబడని సన్నని పగులు ఒక్కో ప్రయాణంలో కొంచెం పెరిగి, ఏదో ఒక రోజు హద్దు దాటుతుంది. అది జరిగేది అత్యంత లోతున్న రోజే కానక్కర్లేదు. పగిలిన క్షణంలో నీరు అన్ని వైపుల నుంచీ మధ్యకు దూసుకొచ్చి ఢీకొంటుంది, ఆ దెబ్బ అలలా పక్క బంతులకు తగులుతుంది. జపాన్‌లో 2001 నవంబరులో సూపర్-కమియోకాండే అనే భౌతికశాస్త్ర ప్రయోగశాల నీటి తొట్టెలో, కాంతిని పసిగట్టే ఒక గాజు గొట్టం పగిలితే, వరుసగా దాదాపు 6,600 గొట్టాలు పగిలిపోయాయి. అక్కడి లోతు కొన్ని పదుల మీటర్లే.

వుడ్స్ హోల్ సంస్థ కూడా నెరియస్‌లో ఏదో భాగం పీడనానికి లోపలికి కూలిపోయి ఉంటుందన్న నిర్ధారణకే వచ్చింది. పగిలింది బంతా, డబ్బానా అన్నది తేల్చడానికి అవసరమైన భాగాలు అడుగునే ఉండిపోయాయి. తేలి వచ్చిన తునకలు మాత్రమే చేతికి దక్కాయి.