స్నేహితుల తిట్లు: అపోహలు - వాస్తవాలు

కాలేజీ కౌన్సెలర్‌గా నా దగ్గరికి వచ్చే హాస్టల్ గొడవల్లో చాలా వాటికి మూలం ఒక పిలుపే. "ఫ్రెండే కదా అని అన్నాను మేడమ్" అని ఒకరు, "అందరి ముందూ పరువు తీశాడు" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

అపోహ: తిట్టుకునే స్నేహితులకు ఒకరంటే ఒకరికి గౌరవం ఉండదు.

వాస్తవం: సెలవుల తర్వాత కలిసిన ఇద్దరి మాటలు వినండి.

"ఏరా సన్నాసీ, బతికే ఉన్నావా?"

"నిన్ను సాగనంపాకే పోతాన్రా వెధవా. తిన్నావా?"

తిట్టుకు అంతే బరువైన తిట్టు తిరిగొచ్చింది. వాడు సన్నాసీ కాదు, వీడు వెధవా కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంత మాటన్నా వీడు నొచ్చుకోడన్న ధీమా ఉంది కాబట్టే నోరు అంత తేలిగ్గా వస్తుంది. వీళ్లకు నిజంగా కోపమొస్తే తిట్లు ఆగిపోతాయి. "సరేనండి, మీ ఇష్టం" అంటారు. అమ్మాయిల్లోనూ అంతే. "ఒసేయ్ రాక్షసీ" పోయి పూర్తి పేరు పెట్టి పిలుపు మొదలైందంటే ఏదో చెడిందన్నమాట. నాకు టెన్షన్ ఆ మర్యాద చూస్తేనే.

అపోహ: నవ్వాడు కాబట్టి బాధపడలేదు.

వాస్తవం: నలుగురుండే గదిలో ఒకణ్ని మిగతా ముగ్గురూ "కర్రోడా" అంటారు. వాడూ నవ్వుతాడు. అలాంటి పిల్లవాడు వస్తే నేను మొదట అడిగేది, "మరి నువ్వు వాళ్లనేమంటావు నాన్నా?" అని. "పేర్లతోనే పిలుస్తాను మేడమ్" అన్నాడంటే సగం విషయం అర్థమైనట్టే. తిట్టు ఒకవైపే వెళుతోంది, తిరిగి రావట్లేదు. పైగా "సన్నాసి" లాగా అది ఉత్తుత్తి మాట కాదు. ఒంటి రంగు, బక్కతనం, యాస, ఇంటి పేదరికం లాంటివి చిన్నప్పటి నుంచీ మోస్తున్నవి. వాటి మీద మాట పడితే సరదాగా తీసుకోవడం కష్టం. అందరూ నవ్వాక కాస్త ఆగి నవ్వడం, మెస్‌కు వేరే టైమ్‌లో వెళ్లడం, గ్రూప్‌లో మాట్లాడటం మానేయడం గమనించండి. "ఆ పిలుపు వద్దురా" అని ఒక్కసారి చెబితే స్నేహితుడు మానేస్తాడు. చెప్పాక ఇంకాస్త గట్టిగా పిలిచేవాడి సంగతి వేరు.

అపోహ: మనిద్దరి మధ్య చెల్లిన మాట ఎక్కడైనా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. అదే "వెధవా" వాళ్ల నాన్న ముందో, జూనియర్ల ముందో అంటే అవమానమే. వాట్సాప్‌లో గొంతు వినపడదు కాబట్టి అక్కడ ఇంకాస్త జాగ్రత్త.

అపోహ: సరదాకి అన్నదానికి రూల్స్ ఉండవు.

వాస్తవం: యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలను 2016లో సవరించి రంగు, కులం, మతం, రూపం, ప్రాంతం, భాష పేరుతో చేసే మానసిక వేధింపునూ ర్యాగింగ్‌లో చేర్చారు. ఇది సీనియర్లకే కాదు, తోటి విద్యార్థులకూ వర్తిస్తుంది. కులం పేరుతో తిట్టడమైతే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా వెళ్లవచ్చు. కాలేజీలో చెప్పుకోలేనివాళ్లు జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయవచ్చు.